కిటికీ వెలుగు, గది చీకటి: HDRMergeతో చాలాకాలం పనిచేశాక

ఇళ్ల లోపలి ఫొటోలు తీసే నాకు HDRMerge మీద గట్టి నమ్మకం ఉంది. ఉచితంగా దొరికే ఈ ప్రోగ్రామ్ వేర్వేరు ఎక్స్‌పోజర్లలో తీసిన రా ఫైళ్లను కలిపి ఒకే DNG ఫైలుగా ఇస్తుంది. ఫొటోలో ప్రతి చోటికీ, తెల్లబారిపోని ఫ్రేముల్లో ఎక్కువ వెలుగు అందినదాన్ని తీసుకుంటుంది. అందుకే చీకటి మూలలు కూడా నాయిస్ లేకుండా శుభ్రంగా వస్తాయి.

కడపలో ఒక పాత ఇంటి హాలు దీనికి మంచి పరీక్ష. నేలంతా నల్లటి కడప బండలు, ఎదురుగా ఊచల కిటికీ, బయట మిట్టమధ్యాహ్నపు ఎండలో వేపచెట్టు. ఫ్యాను ఆపించి, రెక్కలు పూర్తిగా నిలిచేదాకా ఆగాను. కెమెరాను ట్రైపాడ్ మీద బిగించి, ISO 100, f/8 మార్చకుండా షట్టర్ వేగం మాత్రమే మారుస్తూ 1/500, 1/60, 1/8, 1 సెకను చొప్పున నాలుగు ఫ్రేములు తీశాను. 1/500లో ఆకాశం నీలంగా నిలిచింది. 1 సెకనులో బండల మధ్య సందులు కూడా కనిపించాయి.

కలిపాక వేపకొమ్మల అంచులు రెండేసి కనబడ్డాయి. ఆకాశం 1/500 నుంచి, నీడలోని ఆకులు 1/60 నుంచి వచ్చాయి. ఈ రెంటి మధ్య గాలికి కొమ్మ జరిగింది. ఇలాంటప్పుడు కదిలే వస్తువు మొత్తాన్ని ఒకే ఫ్రేము నుంచి తీసుకోవాలి. దాని వెనుక ఉన్న అతి వెలుతురు భాగం కూడా తెల్లబారని ఫ్రేమే అందుకు పనికొస్తుంది. 1/60 ఎంచుకుంటే ఆకాశం పోతుంది.

ఈ ప్రోగ్రామ్‌లో నాకు అన్నిటికన్నా నచ్చేది ఇక్కడే ఉంది. ఏ చోట ఏ ఫ్రేము రావాలో మనమే బ్రష్‌తో దిద్దవచ్చు. 1/500 లేయర్ ఎంచుకుని, కిటికీలోంచి కనిపించే బయటి దృశ్యం మొత్తం పూశాను. పూత అంచును ఆకుల మధ్య కాకుండా, కదలని చెక్క చట్రం మీద ఆపాను. అప్పుడు అతుకు కనబడదు. ఆకుల్లో కొంచెం నాయిస్ మిగిలింది గానీ, బొమ్మలో కిటికీ చిన్నది కాబట్టి అది కంటికి ఆనలేదు. సేవ్ చేసేటప్పుడు, ఫ్రేముల అతుకులను మెత్తబరిచే Mask blur radius మరీ పెంచితే ఫ్రేములు కలిసే చోట పొరలు ఒకదాని మీదికొకటి విస్తరించి, పోయిన జంట అంచులు మళ్లీ కనిపిస్తాయి. నేను తక్కువగానే ఉంచుతాను.

వచ్చిన DNG తెరవగానే చీకటిగా కనబడుతుంది. వివరాలన్నీ అందులోనే ఉంటాయి. రా ఫైళ్లు దిద్దే RawTherapee ప్రోగ్రామ్‌లో ఎక్స్‌పోజర్ పెంచి, Dynamic Range Compression వాడితే గది తేరుకుంటుంది.

లోపాలూ ఉన్నాయి. ఫ్రేములను పక్కలకు, పైకీ కిందికీ జరిపి సరిచూస్తుందే తప్ప, వాలిన కెమెరాను సరిదిద్దలేదు. చేత్తో పట్టుకుని తీసేవారికి దీన్ని సిఫారసు చేయను. గాలికి గదిలోకి ఎగిరే తెర ఉంటే బ్రష్ కూడా చాలదు, ఎందుకంటే దాని సగం వెలుతురులో, సగం చీకటిలో ఉంటుంది. తెరను ముందే కట్టించేస్తాను.