కారం మిల్లా, కోల్డ్ స్టోరేజీ ఛాంబరా: ఐఆర్‌ఆర్‌ను నమ్మాలా, ఎన్‌పీవీని నమ్మాలా?

గుంటూరు మిర్చి యార్డు దగ్గర స్థలం ఉన్న క్లయింటు ఒకాయన మొన్న లెక్కల కాగితంతో మా ఆఫీసుకొచ్చారు. కోటి రూపాయలతో కారం మిల్లు పెట్టాలా, ఉన్న కోల్డ్ స్టోరేజీకి ఇంకో ఛాంబర్ కట్టాలా అన్నది ఆయన సందేహం. స్థలం ఒక్కదానికే సరిపోతుంది.

మిల్లుకు ఆర్డర్లు సిద్ధంగా ఉన్నాయి కాబట్టి మొదటి ఏడాదే 70 లక్షలు చేతికొస్తాయి, తర్వాత 40, చివరికి 20. ఛాంబర్ మెల్లగా నిండుతుంది. దానికి 10, 40, మూడో ఏడాది దాన్ని అమ్మితే వచ్చేది కూడా కలిపి 100 లక్షలు.

ఐఆర్‌ఆర్, అంటే పెట్టుబడి మీద ఏటా వచ్చే రాబడి శాతం, మిల్లుకు 18.2, ఛాంబర్‌కు 17.1. ఆయన మిల్లు వైపే మొగ్గారు. ఎన్‌పీవీ అంటే ముందుముందు వచ్చే డబ్బును వడ్డీ లెక్కన ఈనాటి విలువకు తగ్గించి, పెట్టుబడి తీసేస్తే మిగిలేది. రూపాయి వడ్డీకి, అంటే ఏడాదికి 12 శాతానికి అది కడితే మాత్రం మిల్లుకు 8.6 లక్షలు మిగులుతుంది, ఛాంబర్‌కు 12 లక్షలు.

రెండు లెక్కలూ సరైనవే. మరి తేడా ఎక్కడుంది? రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడండి. రెండో ఏడాది రెండింటికీ 40 లక్షలే. మిల్లు మొదటి ఏడాది 60 లక్షలు ఎక్కువిస్తుంది, ఛాంబర్ మూడో ఏడాది 80 లక్షలు ఎక్కువిస్తుంది. అంటే ముందుగా వచ్చిన ఆ 60 లక్షలు రెండేళ్లలో 80 లక్షలు కావాలి, అప్పుడే మిల్లు, ఛాంబర్ సమానమవుతాయి. అందుకు ఏటా 15.5 శాతం రాబడి కావాలి. 12 శాతానికి తిప్పితే 75 లక్షలు దాటి ఆగిపోతుంది.

ఆ 60 లక్షలు ఎక్కడ తిరుగుతాయో ఐఆర్‌ఆర్ అడగదు. మిల్లు మీద వచ్చే శాతంతోనే పెరుగుతాయన్నట్టు పోలుస్తుంది. ఎన్‌పీవీ మాత్రం మీ అసలు వడ్డీ రేటుతోనే లెక్క కడుతుంది. అందుకే రెండింట్లో ఒక్కటే ఎంచుకోవాల్సినప్పుడు నేను ఎన్‌పీవీ మాటే వింటాను. ఒకే ప్రాజెక్టును ఒప్పుకోవాలా వద్దా అన్నప్పుడైతే, ముందు ఖర్చు, తర్వాత రాబడి ఉన్నంతవరకూ రెండూ ఒకే జవాబిస్తాయి.

వడ్డీ మారితే తీర్పూ మారుతుంది. రూపాయిన్నర వడ్డీకి, అంటే 18 శాతానికి, మిల్లుకు ఏదో 20 వేలు మిగులుతుంది, ఛాంబర్ దాదాపు 2 లక్షల నష్టంలో పడుతుంది.

ఎక్సెల్‌లో ఒక జాగ్రత్త. NPV ఫంక్షన్ మొదటి అంకెను ఏడాది చివర వచ్చినట్టు లెక్కిస్తుంది. B1లో ఈరోజు పెట్టే కోటిని మైనస్ గుర్తుతో రాసి, బయట కలపాలి:

```
=NPV(12%,B2:B4)+B1
```

ఆయన B1ను లోపలే పెట్టారు, ఛాంబర్‌కు 12 బదులు 10.7 వచ్చింది.

“మొదటి ఏడాది డబ్బు చేతికొస్తే ఏం చేస్తారండీ?” అని అడిగాను. “రూపాయి వడ్డీ అప్పుంది, అది తీర్చేస్తానండీ” అన్నారు. తీర్చితే మిగిలేది 12 శాతమే. 15.5 రాదు. మిల్లు కాగితం పక్కన పెట్టి ఛాంబర్ కొటేషన్ తీశాం.