ఎక్సెల్ లెక్కలు శుభ్రం చేయిస్తున్నారా? తీసేసిన వరుసలు చూడకుండా డబ్బు ఇవ్వకండి

మిర్యాలగూడలో మాకు వ్యవసాయ మోటార్లు, పైపుల దుకాణం ఉంది. సగానికి పైగా అమ్మకం అరువు మీదే. పంట చేతికొచ్చాక రైతులు కొంత కొంత జమ చేస్తారు. ఈ జూన్‌లో దామరచర్ల వైపు ఉండే ఒక పెద్దాయన ఇంటికి మా కుర్రవాణ్ణి పంపి ఐదు వేల బాకీ అడిగించాం. ఆయన మర్నాడే బస్సెక్కి వచ్చి మేమిచ్చిన రెండు రసీదులు బల్ల మీద పెట్టారు. రెండూ ఒకే తేదీవి, ఒక్కొక్కటి ఐదు వేలు. ఉదయం కొడుకు కట్టాడట, సాయంత్రం మిగతా డబ్బు తెచ్చి తాను కట్టాడట. మా కొత్త రిపోర్టులో మాత్రం ఒకే జమ ఉంది. ఇరవై ఏళ్లుగా మా దగ్గర కొంటున్న మనిషి ముందు తలెత్తుకోలేకపోయాను. మీకు ఆ పరిస్థితి రాకూడదని ఇది రాస్తున్నాను.

మూడేళ్ల లెక్కలు మూడు ఎక్సెల్ ఫైళ్లలో ఉన్నాయి. రాసిన చేతులు వేరు, పద్ధతులు వేరు. మూడూ కలిపి ఎవరి బాకీ ఎంత, ఏ నెలలో ఏ సరుకు పోతోంది అని తెలిసేలా రిపోర్టు కావాలనుకున్నాం. తెలిసినవారి ద్వారా ఒకతను దొరికాడు. ఫైళ్లు చూడకుండానే ఫోనులో పన్నెండు వేలు అన్నాడు. నేను చేసిన తప్పు అక్కడే మొదలైంది. ఫైలు తెరవకుండా చెప్పే ధరలో పరిశీలనకు చోటు ఉండదు. లోపల ఎంత చిక్కు ఉన్నా ఆ డబ్బుకు సరిపడేలా పని ముగించాలి కాబట్టి దగ్గరి దారి వెతుకుతారు. నాలుగు రోజుల్లో రంగురంగుల పటాలతో రిపోర్టు వచ్చింది. చూసి సంబరపడి మొత్తం డబ్బు ఇచ్చేశాను.

రసీదుల సంగతి తెలిశాక కూర్చుని వరుసలు లెక్కపెట్టాను. మేమిచ్చిన ఫైళ్లలో 3,412, 3,905, 4,069 చొప్పున మొత్తం 11,386 వరుసలు. రిపోర్టు వెనకున్న పట్టికలో 10,902. అంటే 484 వరుసలు మాయం. అడిగితే "డూప్లికేట్లు తీసేశాను" అన్నాడు. ఎక్సెల్‌లో Remove Duplicates అనే బటన్ ఉంది. మనం ఎంచుకున్న కాలమ్‌లు అన్నీ ఒకేలా ఉన్న వరుసల్లో మొదటిదాన్ని ఉంచి మిగతావి చెరిపేస్తుంది. ఎన్ని చెరిపిందో చెబుతుంది కానీ ఏవి చెరిపిందో జాబితా ఇవ్వదు. మా ఫైళ్లలో బిల్లు నంబరు కాలమ్ లేదు, ఆ లోపం మాదే. అది లేనప్పుడు ఒకే రైతు ఒకే రోజు ఒకే సరుకు రెండుసార్లు కొంటే ఆ బటన్‌కు రెండూ ఒకటే. పైపులు చాలక సాయంత్రం మళ్లీ అంతే సరుకు పట్టుకెళ్లేవాళ్లు మా దగ్గర ఎందరో!

అతను పని చేసింది మా అసలు ఫైళ్లలోనే. పెన్‌డ్రైవ్‌లో పాత కాపీ ఉండబట్టి బతికిపోయాం. తీసిన వరుసలు ఇవ్వమంటే, పని అయిపోయింది, మార్పులకు ఇంకో ఐదు వేలు అన్నాడు.

తర్వాత నల్లగొండలో ఇదే పని చేసే ఒక అమ్మాయికి చూపించాం. ఆమె ముందు ధర చెప్పలేదు. ఫైళ్ల కాపీలు తీసుకుని, చూడటానికి పదిహేను వందలు, పని ఇస్తే అది మొత్తంలో తగ్గిస్తాను అంది. రెండు రోజుల తర్వాత ఒక పేజీ నిండా మాకు ప్రశ్నలు, కింద పద్దెనిమిది వేల ధర పంపింది. ఆ ప్రశ్నలు చదివితేనే లెక్క తెలిసిన మనిషని అర్థమైంది.

ఆమె మొదట ప్రతి వరుసకూ ఒక క్రమసంఖ్య వేసింది. తర్వాత ఒకేలా ఉన్నవాటిని చెరపకుండా గుర్తు మాత్రమే పెట్టింది. ఆ 484లో 327 వరుసలు ఒకే చోట, అదే క్రమంలో, గుత్తగా రెండోసారి కనిపించాయి. మార్చి నెల లెక్క మా కుర్రవాడు పొరపాటున రెండుసార్లు అతికించాడన్నమాట. అవి నిజంగానే తీసేయాల్సినవి. మిగతా 157 మాత్రం అక్కడొకటి ఇక్కడొకటి చెదురుగా ఉన్నాయి. అలాంటివి నిజమైన అమ్మకాలు అయ్యే అవకాశం ఎక్కువని, బిల్లు పుస్తకంతో పోల్చమని ఆ జాబితా మాకే ఇచ్చింది. అన్నయ్యా నేనూ రెండు సాయంత్రాలు కార్బన్ కాపీలు తిరగేశాం. 151 నిజమైనవే, ఆరు మాత్రం రెండుసార్లు ఎక్కించినవి. ఆ 151లో రూ. 4,21,600 విలువైన అమ్మకాలు, రూ. 53,000 జమలు ఉన్నాయి. అంటే మాకు రావలసిన బాకీ రూ. 3,68,600 తక్కువ చూపించింది ఆ రిపోర్టు. మొత్తం తగ్గడం ఒక నష్టం, కట్టినవారిని మళ్లీ అడగడం ఇంకో నష్టం. రెండోదే నన్ను ఎక్కువ బాధపెట్టింది.

నెలవారీ పటంలో మరో తప్పు ఉంది. మా దగ్గర మోటార్ల గిరాకీ ఎండాకాలంలో ఒక్కసారిగా లేస్తుంది. పటంలో 2024-25కి మాత్రం అన్ని నెలలూ దాదాపు సమానంగా ఉన్నాయి. అతని కంప్యూటర్ తేదీలో నెలను ముందు చదివే అమరికలో ఉందట. మేము రాసిన 05/07/2024 జూలై 5. అక్కడ అది మే 7 అయింది. 15/07/2024కు పదిహేనో నెల లేదు కనుక అది తేదీగా మారక ఉత్త అక్షరాలుగా మిగిలి, నెలల లెక్కలోకే రాలేదు. మార్చి 2025తో ముగిసే ఫైలులో అక్టోబరు 2025 అమ్మకాలు కనిపించినా నేను గమనించలేదు. మీ ఫైలులో తేదీలు A కాలమ్‌లో ఉంటే, ఖాళీగా ఉన్న ఏదైనా గడిలో ఇది వేయండి. చివరి సంఖ్య మీ ఫైలు పొడవును బట్టి మార్చుకోండి.

```
=SUMPRODUCT(--ISTEXT(A2:A4070))
```

సున్నా రాకపోతే, వచ్చిన సంఖ్య ఎంతో అన్ని తేదీలు అక్షరాలుగా పడి ఉన్నట్టే. సున్నా వచ్చినా నెల, రోజు తారుమారు కాలేదని కాదు. పన్నెండో తేదీ లోపు బిల్లులు నాలుగైదు తీసి మీరే సరిచూడాలి.

ఆ అమ్మాయి ఒప్పందంలో రాసిన షరతులనే మీరూ అడగండి. అసలు ఫైళ్లు ముట్టకూడదు. తీసేసిన ప్రతి వరుసా కారణంతో సహా వేరే షీటులో ఉండాలి. ఇచ్చిన వరుసలు, ఉంచినవి, తీసినవి కలిపి సరిపోవాలి. మేము 11,386 ఇస్తే ఆమె 11,053 ఉంచి 333 తీసింది. రూపాయల మొత్తానికీ ఇదే లెక్క వేసి చూపింది. చివరి మూడో వంతు డబ్బు, మేము ఎంచుకున్న పది ఖాతాలు మా చిట్టాతో సరిపోయాకే ఇమ్మంది. ఆ పదిలో మొదటగా నేను దామరచర్ల పెద్దాయన ఖాతా తీశాను. రెండు జమలూ ఉన్నాయి. ఆ కాగితం అచ్చు తీసుకుని అన్నయ్య స్వయంగా ఆయన ఇంటికి వెళ్లి ఇచ్చి వచ్చాడు.