‘తొలి సూర్యకిరణం’ అని 3,116 తీసుకుని పుండు చేతిలో పెట్టారు: పేర్లు కొనేవాళ్లు జాగ్రత్త

ఏ సైటో, ఏ ప్యాకేజీయో చెప్పక్కర్లేదు. నక్షత్రం, పాదం, న్యూమరాలజీ, ‘వేద అర్థం’ అన్నీ కలిపి పేరు ఇస్తామని వాట్సాప్‌లో రోజూ కనిపించేవాళ్లే. మా బాబుది కృత్తిక ఒకటో పాదం, ‘అ’ అక్షరం. వచ్చిన పేరు ఆరుష్. పక్కన బంగారు రంగు అక్షరాల్లో ‘ఋగ్వేద నామం, సూర్యుని తొలి కిరణం’ అని రాసి ఉంది. బారసాల అయిపోయాక అమరకోశం వల్లెవేసిన పెద్దాయన ఒకరు పేరు విని, ‘వ్రణోఽస్త్రియామీర్మమరుః’ అని గొణిగి ఊరుకున్నారు. వ్రణానికి అమరం ఇచ్చే పర్యాయపదాల్లో ‘అరుః’ ఒకటి. గాయం, పుండు అన్నమాట.

ఫోన్ చేసి అడిగితే ఆ పేరు అమ్మిన నిపుణుడు అన్న మాట ఇది: ‘అంత లోతుగా ఎవరు చూస్తారండీ, వినడానికి స్టైల్‌గా ఉంది కదా!’ లోతుగా చూస్తామనే కదయ్యా డబ్బులు తీసుకున్నావు! చూడకుండా పెట్టుకునే పేర్లు ఊరికే దొరుకుతాయి. షెల్ఫులో నిఘంటువు పెట్టుకుని పీడీఎఫ్‌ని నమ్మినందుకు ముందు నన్ను అనుకోవాలి లెండి.

ఇంతకీ తప్పు ఎక్కడ జరిగిందో వివరంగా చెప్తాను, ఎందుకంటే ఇదే తప్పు వాళ్లు చాలా పేర్లలో చేస్తున్నారు.

ఋగ్వేదంలో ఉన్న మాట ‘అరుష’. చివర అకారం ఉంది. ఎర్రనిది, కెంపురంగులో మెరిసేది అని అర్థం. అగ్నికీ, ఉషస్సుకు సంబంధించిన ఎర్రని గుర్రాలకూ వాడారు. మంచి మాటే. అయితే అందులో ‘తొలి’ లేదు, ‘కిరణం’ లేదు, ఆ రెండూ వీళ్ల కవిత్వం. తెలుగులో దీన్ని అరుషుడు అనాలి. అలా అంటే పాతకాలంగా ఉంటుందని, ‘అరుష’ అంటే ఆడపిల్ల పేరులా ఉంటుందని, హిందీవాళ్లలా చివరి అకారం కోసేసి ‘అరుష్’ చేశారు. పుండు బయటపడింది అక్కడే.

సంస్కృతంలో ‘అరుస్’ అని వేరే నపుంసకలింగ శబ్దం ఉంది. ఇకార ఉకారాల తర్వాత వచ్చే ప్రత్యయ సకారం అచ్చు ముందు షకారమవుతుంది. ధనుస్ నుంచి ధనుషా, ఆయుస్ నుంచి ఆయుషా వచ్చినట్టే అరుస్ నుంచి అరుషా వస్తుంది. మనవాళ్లు ధనుస్సుని ధనుష్ చేశారు, ఆయుస్సుని ఆయుష్ చేశారు. ఆ లెక్కన ‘అరుష్’ వినగానే సంస్కృతం తెలిసిన చెవికి తట్టేది అరుస్సే, అరుషుడు కాదు. నల్లజీడికి సంస్కృతంలో ‘అరుష్కరం’ అని పేరు. దాని రసం తగిలితే ఒళ్లు బొబ్బలెక్కి పుండవుతుంది కాబట్టి, పుండు చేసేది అని ఆ పేరు. మర్మం మీద పొడిచినట్టు మాట్లాడేవాడిని ‘అరుంతుదుడు’ అంటారు, అదీ ఇందులోంచి వచ్చిందే. ఆ ఫోన్‌లో మాట్లాడిన మహానుభావుడికి చక్కగా సరిపోతుంది.

ఇక రెండో కోత న్యూమరాలజీది. కాల్డియన్ లెక్కలో ఏ ఒకటి, ఆర్ రెండు, యు ఆరు, ఎస్ మూడు, హెచ్ అయిదు. కలిపితే 17, అంటే 8. శని అంకె అని భయపెట్టి ముందు ఇంకో ‘ఏ’ తగిలించారు. 18 అయింది, అంటే 9, అందరూ హాయిగా ఊపిరి పీల్చుకున్నారు. ఇంగ్లిష్‌లో ఒక అక్షరం పెరిగితే తెలుగులో అకారం ఆకారమైపోతుందని ఎవరికీ పట్టలేదు. పుంలింగంలో ‘ఆరుష్’ అనే ప్రాతిపదిక, అంటే విభక్తి చేరని మూలరూపం, నిఘంటువుల్లో వెతికితే దొరకదు. విడదీసి చదివితే ఆ, రుష్. ‘రుష్’ అంటే కోపం, మన ‘రోషం’ పుట్టిన ధాతువు. మొదటి కోతతో పుండయింది, రెండో కోతతో మండిపడుతోంది.

నిఘంటువు చూశాం, ఎరుపు అనే ఉంది అంటారు కొందరు. అక్కడే బోల్తా పడతారు. నిఘంటువులో ఆ రెండో మాట ‘అరుస్’ అని సకారంతో ఉంటుంది. ‘అరుష్’ అని వెతికినవాడు ‘అరుష’ మాత్రమే తగిలితే సంబరపడి మూసేస్తాడు. కాబట్టి పేరు ష్‌తో ముగిస్తే సకారంతోనూ వెతకండి, చివర అకారం చేర్చి కూడా వెతకండి. మొదటి అచ్చుని ఒకసారి హ్రస్వంగా, ఒకసారి దీర్ఘంగా చూడండి. మోనియర్ విలియమ్స్, ఆప్టే నిఘంటువులు రెండూ ఇంటర్నెట్‌లో ఉచితంగా వెతుక్కోవచ్చు. ఆ తర్వాత తెలుగు నిఘంటువు కూడా తిరగెయ్యాలి, ఎందుకంటే బిడ్డని పిలిచేది తెలుగువాళ్లు. ‘అరుషు అరుస్తున్నాడు’ అని బళ్లో పిల్లలు మొదలుపెట్టడానికి సంస్కృతం రానక్కర్లేదు.

ఆడపిల్లల పేరు ‘ఆరుషి’ సంగతి అడుగుతారు కాబట్టి అదీ చెప్తాను. దీర్ఘంతో ఆరుషీ అని మహాభారతం ఆదిపర్వంలో ఉంది, మనువు కూతురు, చ్యవనుడి భార్య, ఔర్వుడి తల్లి. నిక్షేపంగా పెట్టుకోవచ్చు. అదే హ్రస్వం చేసి ‘అరుషి’ అని రాస్తే అరుస్ శబ్దానికి సప్తమీ ఏకవచనం, ‘గాయంలో’ అని అర్థం. ‘అరుషీ’ అని చివర దీర్ఘముంటే మళ్లీ ఎర్రనిది అనే వైదికార్థం. ఒక్క గుడి దీర్ఘంలో ఇంత తేడా ఉంటే, వీళ్లు ఇంగ్లిష్ అక్షరాల్లో పేరు ఇచ్చి చేతులు దులుపుకుంటారు.

అలాగని ప్రతి రెండో అర్థానికీ బెదిరిపోకండి. ‘హరి’ అంటే విష్ణువే కాదు, కోతి, కప్ప, పాము కూడా అని అమరమే చెప్తుంది. ఎవరైనా ఆ పేరు మానేశారా? వాడుకలో మంచి అర్థం స్థిరపడిపోయింది కాబట్టి మిగతావి మూలన పడి ఉంటాయి. పేరు రాసిన రూపంలోనే, నిఘంటువులో మొదటి అర్థమే చెడ్డదై, దాన్ని కప్పేంత పాత వాడుక లేకపోతేనే వద్దనుకోవాలి. అరుష్ ఆ కోవలోదే.

డబ్బు కట్టేముందు అడగాల్సింది ఒక్కటే: ప్రాతిపదిక, లింగం, ధాతువు, ప్రథమా ఏకవచనం తెలుగు లిపిలో రాసిమ్మనండి. ‘అరుషః’ అని రాస్తే అకారం ఎందుకు కోశారని అడగండి. ‘అరుః’ అని రాస్తే డబ్బు వెనక్కి అడగండి. ఏమీ రాయకుండా అంకెలు చూపిస్తే ఫోన్ పెట్టేయండి.

ఇంకోటి, బారసాలకి తొందరైనా జనన ధ్రువపత్రానికి తొందర లేదు. పుట్టుకను 21 రోజుల్లో పేరు లేకుండానే నమోదు చేయించవచ్చు. నమోదైన తేదీ నుంచి 12 నెలల్లోపు పేరు రాయించుకుంటే రుసుము ఉండదు. మేం మూడో రోజే రాయించేశాం.