మూడో తరగతి లెక్కల్లో నాలుగు స్టేషన్లు: ఏళ్ల తరబడి వాడాక

చీపురుపల్లి వైపు ఒక ప్రాథమిక పాఠశాల, మూడో తరగతి, 24 మంది పిల్లలు. రెండు పీరియడ్లు కలిపితే 80 నిమిషాలు వస్తుంది. ఆరుగురికొక గ్రూపు, నాలుగు స్టేషన్లు: టీచర్ బల్ల, పుల్లల కట్టలు, కార్డులు, ఎక్కాల ఆట. పిల్లలు ఈ వరుసలోనే మారతారు, ఆట అయ్యాక టీచర్ బల్లకి వస్తారు. ఒక్కోచోట 15 నిమిషాలు, మార్పుకి రెండేసి నిమిషాలు. మిగిలిన సమయం మొదట్లో చెప్పడానికి, చివర్లో నోట్సు చూడటానికి సరిపోతుంది.

ఎవరు ఎక్కడ మొదలుపెట్టాలన్నది ముఖ్యం. తీసివేత రానివాళ్లు మొదట టీచర్ బల్ల దగ్గరే కూర్చోవాలి. వాళ్లని చివరికి పెడితే అప్పటికి తప్పుగానే లెక్కలన్నీ చేసేసి వస్తారు. కార్డులతో మొదలుపెట్టేది బాగా వచ్చినవాళ్లు.

ఈ పద్ధతి నిలబడేదీ కూలేదీ కార్డుల దగ్గరే. కార్డు మీద చేసి చూపించిన లెక్క ఒకటి, చేయాల్సినవి మూడు, వెనక జవాబులు ఉండాలి. "ఏటి చెయ్యాలి టీచర్?" అని ఒకే కార్డు పట్టుకుని ఇద్దరొచ్చారంటే లోపం కార్డుది, మార్చి రాయాలి.

లెక్కకి అంకెలు ఎంచుకోవడంలో మరో జాగ్రత్త ఉంది. 52 − 27 ఇస్తే జవాబు 25. పైదా కిందదా చూడకుండా పెద్ద అంకెలోంచి చిన్నది తీసేసే పిల్లకి 35 వస్తుంది. పది అప్పు తెచ్చుకుని పదుల్లో ఒకటి తగ్గించడం మరిచిన పిల్లకీ 35 వస్తుంది. నోట్సు చూస్తే ఎవరిది ఏ తప్పో తెలియదు. అదే 53 − 27 ఇస్తే మొదటి తప్పుకి 34, రెండో తప్పుకి 36, సరైనది 26. అందుకే ఒకట్ల స్థానంలో రెండంకెల మధ్య తేడా ఐదు రాకుండా చూసుకుని కార్డు రాయాలి. మర్నాడు టీచర్ బల్ల దగ్గరికి ఎవరిని పిలవాలో ఆ నోట్సే చెబుతుంది.

34 వచ్చినవాళ్ల చేతికి ఐదు కట్టలు, మూడు విడి ఈనె పుల్లలు ఇవ్వాలి. ఏడు తీయమంటే మూడే ఉన్నాయి. ఒక కట్ట రబ్బరు బ్యాండు వాళ్లే విప్పాలి. అప్పుడు నాలుగు కట్టలు, పదమూడు విడివి. 36 వచ్చినవాళ్లకి కట్ట విప్పడం వచ్చు, విప్పాక మిగిలిన కట్టలెన్నో రాయించాలి. అంతకుమించి అక్కర్లేదు.

ఇరుకు గదిలో పిల్లల్ని కదపకుండా స్టేషన్ సామాను పెట్టిన ట్రేలు మార్చడం మేలు. టీచర్ బల్లకి మాత్రం పిల్లలే రావాలి. పన్నెండో నిమిషానికి అక్కడ కొత్త లెక్క మొదలుపెట్టకూడదు. మొదలుపెడితే పదిహేను నిమిషాలు దాటిపోతాయి, ముందుగా అయిపోయినవాళ్లు గోల చేస్తారు. వాళ్ల కోసం ప్రతి ట్రేలో ఒక అదనపు కార్డు ఉంచాలి.

ముప్పై మంది దాటితే ఒక్క టీచరుతో ఇది సాగదు. గ్రూపుకి ఎనిమిది మంది అయితే బల్ల దగ్గర ఒక్కొక్కరి చేతులూ చూడటం కుదరదు.