నష్టపరిహారమా, స్పెసిఫిక్ పెర్ఫార్మెన్సా, ఇంజంక్షనా: రొయ్యల పట్టుబడి ముందు ఏది మేలు?

ఉండి దగ్గర ఒక రైతుకు 12 ఎకరాల్లో వనామీ రొయ్యల చెరువులు ఉన్నాయనుకుందాం. భీమవరంలోని ఒక ఎగుమతిదారు సీడ్ వేయకముందే ఆయనతో కాగితం మీద ఒప్పందం చేసుకున్నాడు. పంట మొత్తం తనకే అమ్మాలి, కిలోకి 40 రొయ్యలు తూగే 40 కౌంట్‌కి కిలో 360 రూపాయలు, మేత కోసం 18 లక్షలు అడ్వాన్స్. పంట బాగా వచ్చింది, 24 టన్నుల దాకా తేలేలా ఉంది. పట్టుబడికి నాలుగు రోజులుందనగా రేటు 410కి వెళ్లింది. ఇంకో కంపెనీ ఏజెంటు గట్టు మీదికొచ్చి మాట్లాడి వెళ్లాడు. ఆ సాయంత్రం రైతు ఫోన్ చేసి, "అడ్వాన్స్ వడ్డీతో సహా ఇచ్చేస్తానండీ, సరుకు మాత్రం వాళ్లకి మాటిచ్చేశాను" అన్నాడు.

ఎగుమతిదారుకి ఉన్న దారులు మూడు. సరుకు వదిలేసి నష్టపరిహారం అడగడం ఒకటి. ఒప్పందం ప్రకారం సరుకు ఇచ్చి తీరాలని కోర్టు చేత చెప్పించడం రెండోది, దాన్నే స్పెసిఫిక్ పెర్ఫార్మెన్స్ అంటారు. మూడోది, వేరే వాళ్లకి అమ్మకుండా ఆపించే ఇంజంక్షన్.

నష్టపరిహారం లెక్క తేలికే. కాంట్రాక్ట్ చట్టం సెక్షన్ 73 ప్రకారం ఒప్పందం రేటుకీ, మార్కెట్ రేటుకీ మధ్య తేడా వస్తుంది. కిలోకి 50 చొప్పున 24,000 కిలోలకి 12 లక్షలు, దాంతోపాటు అడ్వాన్స్ వాపసు. సరుకు మారుటేరులో పుట్టిన స్వర్ణ బియ్యమో, అంబాజీపేట కొబ్బరికాయలో అయితే నేను ఇక్కడితో ఆగమంటాను. ఒక మిల్లు ఇవ్వకపోతే పక్క మిల్లులో దొరుకుతుంది, తేడా డబ్బు వసూలు చేసుకుంటే సరిపోతుంది. దానికోసం ఇంజంక్షన్ అడిగితే జడ్జిగారి మొదటి ప్రశ్నే "డబ్బుతో పోయేదానికి ఇదెందుకు?" అని ఉంటుంది.

ఈ రొయ్య అలాంటి సరుకు కాదు. యూరప్‌కి పంపే రొయ్యలో యాంటీబయాటిక్ ఆనవాళ్లు ఉండకూడదు. అందుకే సముద్ర ఉత్పత్తుల ఎగుమతుల్ని చూసే కేంద్ర సంస్థ ఎంపెడా దగ్గర నమోదైన చెరువు నుంచి, పట్టుబడికి ముందు పరీక్ష చేయించిన సరుకే కావాలి. ఆ పరీక్ష కాగితం ఆ చెరువుకే చెల్లుతుంది. పైగా మన ఉదాహరణలో విదేశీ కొనుగోలుదారు ఈ చెరువుల్నే ముందుగా చూసి ఒప్పుకున్నాడు. నాలుగు రోజుల్లో అలాంటి మరో 24 టన్నులు తేవడం జరిగే పని కాదు. ఆర్డర్ పోతే కొనుగోలుదారే పోతాడు, వచ్చే ఏడాది వ్యాపారం కూడా పోతుంది. ఆ నష్టానికి రూపాయల్లో లెక్క కట్టి రుజువు చేయడం చాలా కష్టం. దూరపు నష్టాలకీ, పరోక్ష నష్టాలకీ పరిహారం రాదని సెక్షన్ 73లోనే రాసి ఉంది. కాబట్టి 12 లక్షల దగ్గర ఆగిపోవడం ఎగుమతిదారుకి గిట్టుబాటు కాదు.

మరి స్పెసిఫిక్ పెర్ఫార్మెన్స్? కాగితం మీద చూస్తే ఇప్పుడిది గట్టి హక్కు. 1963 నాటి స్పెసిఫిక్ రిలీఫ్ చట్టంలో ఇది కోర్టు విచక్షణకి వదిలిన విషయంగా ఉండేది. చరాస్తి ఒప్పందాలకి డబ్బు సరిపోతుందనే మొదట అనుకోవాలి, మార్కెట్లో తేలిగ్గా దొరకని సరుకైతేనే మినహాయింపు అని సెక్షన్ 10 కింద వివరణ కూడా ఉండేది. 2018 సవరణ రెండింటినీ తీసేసింది. ఆ ఏడాది అక్టోబర్ 1 నుంచి, చట్టం చెప్పిన అడ్డంకులు లేకపోతే కోర్టు ఒప్పందాన్ని అమలు చేయించాల్సిందే. ఎప్పుడైనా రద్దు చేసుకునే వీలున్న ఒప్పందం, కోర్టు రోజూ పర్యవేక్షించాల్సి వచ్చే పని, ఒకరి వ్యక్తిగత నైపుణ్యం మీదే ఆధారపడిన పని, ఇవీ ఆ అడ్డంకుల్లో ముఖ్యమైనవి. ఒక్క పంట అమ్మకం వీటిలోకి రాదు. అదే మూడేళ్ల పాటు సీడ్, మేత, టెక్నీషియన్ల సలహాలతో కలిపి రాసుకున్న సాగు ఒప్పందమైతే పర్యవేక్షణ అభ్యంతరం తప్పకుండా వస్తుంది.

వాది తన వంతు నెరవేర్చడానికి మొదటి నుంచీ సిద్ధంగా ఉన్నట్టు రుజువు చేయాలి. సిద్ధంగా ఉన్నామని నోటితో అంటే చాలదు. ఇక్కడ సరుకు విలువ 86 లక్షల 40 వేలు. అడ్వాన్స్ పోను ఇవ్వాల్సింది 68 లక్షల 40 వేలు. ఆ డబ్బు బ్యాంకులో ఉందనో, క్యాష్ క్రెడిట్ లిమిట్ మిగిలి ఉందనో చూపించాలి. ఐస్‌కీ, వ్యాన్లకీ, పట్టుబడి కూలీలకీ ఆర్డర్ ఇచ్చిన కాగితాలుంటే ఇంకా మంచిది.

అయితే ఈ దారిలో చిక్కంతా కాలంతోనే. ఇలాంటి దావాలు ప్రతివాదికి సమన్లు అందినప్పటి నుంచి 12 నెలల్లో తేల్చాలని చట్టంలో ఉంది. నిజంగానే 12 నెలల్లో తేలినా, వనామీ చెరువు నెల కూడా ఆగదు. కౌంట్‌కి వచ్చాక ప్రతి రోజూ మేత ఖర్చు, ఏరియేటర్ల కరెంటు, తెల్లమచ్చ వ్యాధి భయం. డిక్రీ చేతికొచ్చేసరికి చెరువులో తర్వాతి పంటల రొయ్యలు ఉంటాయి. ఇదే ఒప్పందం పాలకొల్లులో ఐస్ ఫ్యాక్టరీని స్థలంతో సహా కొనడం గురించైతే నేను స్పెసిఫిక్ పెర్ఫార్మెన్స్‌కే ఓటేస్తాను. స్థలం ఎక్కడికీ పోదు, డిక్రీ వచ్చాక అమ్మేవాడు సంతకం పెట్టకపోతే కోర్టే రిజిస్టర్ చేయించి ఇస్తుంది. రొయ్యకి ఆ సౌకర్యం లేదు.

వేరే చోట కొనుక్కుని ఖర్చు రాబట్టుకునే దారి కూడా ఒకటుంది, స్పెసిఫిక్ రిలీఫ్ చట్టంలో సవరించిన సెక్షన్ 20. దానికి ముందుగా కనీసం 30 రోజుల నోటీసు ఇవ్వాలి. అలా కొన్న తర్వాత స్పెసిఫిక్ పెర్ఫార్మెన్స్ అడగడానికి వీల్లేదు. యంత్రాల సరఫరాకి ఇది పనికొస్తుంది. నాలుగు రోజుల గడువున్న పట్టుబడికి 30 రోజుల నోటీసు నవ్వులాటే.

అందుకే అసలు పోరు ఇంజంక్షన్ దగ్గరే జరుగుతుంది. దావా తేలే దాకా ఆపమని సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 39 కింద మధ్యంతర ఇంజంక్షన్ అడుగుతారు. మామూలుగా విలువ 3 లక్షలు దాటిన వాణిజ్య దావాకి ముందు మధ్యవర్తిత్వానికి వెళ్లి తీరాలి, కానీ అత్యవసర ఉత్తర్వు నిజంగానే అవసరమైతే నేరుగా కోర్టుకి వెళ్లవచ్చు. కోర్టు మూడు విషయాలు చూస్తుంది. పైకి చూడగానే కేసు ఉన్నట్టుందా, ఆపితే ఎవరికి ఎక్కువ ఇబ్బంది, ఆపకపోతే డబ్బుతో పూడ్చలేని నష్టం వస్తుందా. 2018లో సెక్షన్ 10 నుంచి పోయిన ఆ "డబ్బు సరిపోదా" అనే ప్రశ్న ఈ మూడో పరీక్షలో ఇంకా బతికే ఉంది. కాబట్టి ఎంపెడా పరీక్ష కాగితం, విదేశీ ఆర్డర్, ఆ చెరువుల్నే ఒప్పుకున్న ఈమెయిల్ పిటిషన్‌తోనే వెళ్లాలి. తర్వాత ఇస్తామంటే ఆలస్యమైపోతుంది.

ఒప్పందంలో "ఈ చెరువుల సరుకు ఇంకెవరికీ అమ్మను" అనే వాక్యం విడిగా ఉంటే వాది చెయ్యి పైన ఉన్నట్టే. అమ్మి తీరాలని బలవంతం చేయలేని ఒప్పందమైనా, ఇంకొకరికి అమ్మనన్న మాటకి కట్టుబడమని కోర్టు స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం సెక్షన్ 42 కింద చెప్పగలదు. ఇది వ్యాపార స్వేచ్ఛకి అడ్డు కదా అని రైతు తరఫు లాయరు కాంట్రాక్ట్ చట్టం సెక్షన్ 27 తీస్తారు. ఒప్పందం నడుస్తున్నంత కాలం ఉండే ఇలాంటి ఆంక్ష మామూలుగా ఆ సెక్షన్ కిందికి రాదని సుప్రీంకోర్టు 1995లో గుజరాత్ బాట్లింగ్ కేసులో చెప్పింది. ఒప్పందం ముగిశాక కూడా నాకే అమ్మాలని రాసుకుంటే మాత్రం అది నిలబడదు.

ఇంజంక్షన్ చేసేది ఆపడమే. సరుకు మీ ప్లాంటుకి రాదు. ఇచ్చి తీరాలని మధ్యంతర దశలోనే ఆదేశించడానికి మామూలు కంటే చాలా బలమైన కేసు ఉండాలని సుప్రీంకోర్టు 1990లో దొరాబ్ కావస్‌జీ వార్డెన్ కేసులో చెప్పింది. ఉత్త ఆపడం అడిగితే ఇంకో ప్రమాదం ఉంది. "చెరువులో పంట చచ్చిపోతే ఎవరు బాధ్యులు?" అని రైతు తరఫు వాళ్లు అడుగుతారు, ఇబ్బంది ఎవరికి ఎక్కువ అన్న త్రాసు అటు మొగ్గుతుంది. ఆ ప్రశ్న న్యాయమైందే.

నా దృష్టిలో ఇక్కడ పనిచేసేది స్పెసిఫిక్ పెర్ఫార్మెన్స్ దావా, అందులోనే ఇంజంక్షన్ పిటిషన్, దానికి తోడు ఒక ఆఫర్. పాడైపోయే సరుకుని దావా తేలకముందే అమ్మించే అధికారం ఆర్డర్ 39 రూల్ 6 కోర్టుకి ఇస్తుంది. దాన్ని పట్టుకుని ఎగుమతిదారు ఇలా అడగాలి: సరుకు నాకు అప్పగించండి, కిలోకి 360 చొప్పున రైతుకి వెంటనే ఇస్తాను, వివాదంలో ఉన్న 50 చొప్పున 12 లక్షలు కోర్టులో డిపాజిట్ చేస్తాను, గెలిచిన వాళ్లు తీసుకుంటారు. పట్టుబడి రోజు తూకం, కౌంట్ నోట్ చేయడానికి కోర్టు తరఫున ఒక లాయరుని అడ్వొకేట్ కమిషనర్‌గా వేయమని కూడా అడగాలి, లేకపోతే తర్వాత 24 టన్నులా 19 టన్నులా అన్న గొడవ ఇంకో మూడేళ్లు నడుస్తుంది. కోర్టు దీనికి ఒప్పుకోవాలని ఏమీ లేదు. కానీ రైతుకి రూపాయి నష్టం లేని ప్రతిపాదన ముందుంటే, పంట చచ్చిపోతుందన్న వాదనకి బలం ఉండదు.

గట్టు మీదికొచ్చిన ఏజెంటు పేరు, అతని కంపెనీ పేరు తెలిస్తే వాళ్లనీ ప్రతివాదులుగా చేర్చాలి. ఉత్తర్వు రైతు మీదే ఉంటే, మాకేమీ తెలియదంటూ వాళ్లు వ్యాన్ పంపిస్తారు. ఉత్తర్వు ధిక్కరిస్తే ఆస్తి జప్తు, మూడు నెలల దాకా సివిల్ జైలు ఉన్నాయి, కానీ అప్పటికి రొయ్య ఐస్‌లో పడి వెళ్లిపోయి ఉంటుంది. అమలయ్యాకా మిగిలే నష్టానికి పరిహారం కావాలంటే ఆ మాట దావాలోనే రాయాలి, రాయకపోతే స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం సెక్షన్ 21 కింద ఇవ్వరు.

రైతు వైపు నుంచి చూస్తే ఆయనకున్న మంచి ఆయుధం అడ్వాన్స్ తేదీలు. 18 లక్షలు మూడు విడతల్లో ఇవ్వాల్సి ఉండి, రెండో విడత నెల ఆలస్యమై, ఆయన అప్పుగా మేత తెచ్చుకుని ఉంటే, సెక్షన్ 42 కింద వాదికి దక్కేదేమీ లేదు, ఎందుకంటే తన వంతు తప్పినవాడికి ఆ సెక్షన్ పనికిరాదు. గొడవ ముదురుతోందని తెలిసినప్పుడు రైతు ముందుగానే కోర్టులో కేవియట్ వేసుకోవాలి. అది 90 రోజులు పనిచేస్తుంది, ఆ లోపు ఆయన మాట వినకుండా ఉత్తర్వు ఇవ్వరు. అవతలి లాయరు శుక్రవారం సాయంత్రం పిటిషన్ వేసి, శనివారం పొద్దున్న చెరువు దగ్గరికి ఉత్తర్వు కాపీ తెచ్చే అవకాశం దాంతో చాలావరకు పోతుంది.