స్లాబ్ పెచ్చులూడితే బిల్డర్‌కి డబ్బులు కట్టకండి, ముందు మీ పొజెషన్ తేదీ చూసుకోండి

హైదరాబాద్‌లో ఫ్లాట్ కొని ఐదేళ్లు దాటనివాళ్లు ఇది కాస్త ఓపిగ్గా చదవండి. మాది టాప్ ఫ్లోర్. పొజెషన్ 2020 నవంబర్‌లో ఇచ్చారు. రెండో వానాకాలానికే హాలు సీలింగ్ మీద ఒక మూల గోధుమరంగు మరక పడింది. బిల్డర్ ఆఫీసుకి ఫోన్ చేస్తే మనుషుల్ని పంపారు, పుట్టీ పెట్టి రంగేసి వెళ్లారు. ఆ తర్వాతి వానలకి మరక మళ్లీ వచ్చింది, మళ్లీ రంగేశారు. 2024 వానల్లో అదేచోట అరచేయంత పెచ్చు ఊడి సోఫా మీద పడింది. పైకి చూస్తే తుప్పు పట్టిన ఇనుప చువ్వ కనిపిస్తోంది.

ఈసారి బిల్డర్ మాట మారింది. "టెర్రస్ కామన్ ఏరియా అండీ, ఎప్పుడో మీ అసోసియేషన్‌కి అప్పజెప్పేశాం. పైగా అగ్రిమెంట్‌లో వారంటీ ఒక్క ఏడాదే. వాటర్‌ప్రూఫింగ్‌కి కొటేషన్ ఇస్తాం, ఫ్లాట్‌కి ఇంతని వసూలు చేసుకోండి" అన్నారు. అసోసియేషన్‌లో కొందరు పెద్దవాళ్లు, గొడవెందుకులే, తలా కొంత వేసుకుందాం అన్నారు కూడా.

ఆ డబ్బు మనం కట్టాల్సింది కాదు. 2016లో వచ్చిన రియల్ ఎస్టేట్ నియంత్రణ చట్టం, అంటే రెరా చట్టం సెక్షన్ 14(3) ప్రకారం, పొజెషన్ ఇచ్చిన తేదీ నుంచి ఐదేళ్లలోపు కొన్నవాళ్లు లోపాన్ని బిల్డర్ దృష్టికి తెస్తే, అతను 30 రోజుల్లో పైసా తీసుకోకుండా సరిచేయాలి. చేయకపోతే నష్టపరిహారం అడిగే హక్కు మనకు ఉంటుంది. "ఇది స్ట్రక్చరల్ కాదు, మామూలు లీకేజీ" అని తప్పించుకోవడానికీ పెద్దగా వీల్లేదు. ఆ సెక్షన్‌లో స్ట్రక్చరల్ లోపాలతోపాటు పనితనంలో, నాణ్యతలో, ఇస్తామన్న సదుపాయాల్లో లోపాలు కూడా ఉన్నాయి. రిజిస్ట్రేషన్ అయిపోయినా స్ట్రక్చరల్ లోపాల బాధ్యత బిల్డర్‌దేనని సెక్షన్ 11 విడిగా చెబుతుంది. అగ్రిమెంట్‌లో ఏడాది అని రాసుకున్నంత మాత్రాన చట్టం ఇచ్చిన ఐదేళ్లు తగ్గిపోవు.

అసలు మోసం ఆ పుట్టీ, రంగులోనే ఉంది. మనం ఫోన్‌లో చెబుతాం, వాళ్లు మనిషిని పంపుతారు, పని జరిగిందనుకుంటాం. కాగితం మీద మాత్రం ఏమీ ఉండదు. ఇలా ఒక్కో వానాకాలం గడిపేస్తే ఐదేళ్లు వాటంతటవే అయిపోతాయి. తర్వాత వెళ్తే "ఇన్నాళ్లూ మీరు చెప్పనేలేదు" అంటారు. గడువు లెక్కపెట్టేది పొజెషన్ ఇచ్చిన రోజు నుంచి, గృహప్రవేశం నుంచి కాదు. కాబట్టి తాళాలు ఇచ్చినప్పటి లెటర్ తీసి తేదీ చూసుకోండి. సెకండ్ హ్యాండ్‌లో కొన్నవాళ్లకూ ఈ హక్కు ఉంది, కానీ వాళ్లకు ఐదేళ్లు మళ్లీ మొదటి నుంచి మొదలవుతాయని ఆశపడొద్దు. మొదటి ఓనర్‌కి ఇచ్చిన పొజెషన్ లెటర్ జిరాక్స్ అడిగి తీసుకోండి.

మేం ముందు ఒక స్ట్రక్చరల్ ఇంజినీర్‌ని పిలిపించాం. ఆయన చిన్న సుత్తితో సీలింగ్ అంతా తడుతూ వెళ్లారు. గట్టిగా ఉన్నచోట ఖంగుమంటుంది, లోపల విడిపోయినచోట డొల్లగా వినిపిస్తుంది. పెచ్చు ఊడింది అరచేయంతే, డొల్ల మాత్రం దాదాపు మంచమంత మేర ఉంది. చువ్వ కింద కాంక్రీట్ కనీసం 20 మిల్లీమీటర్లు ఉండాలి, మా దగ్గర చాలాచోట్ల అందులో సగం కూడా లేదు. స్లాబ్ పోసేటప్పుడు చువ్వల్ని కింద నుంచి ఎత్తిపట్టే కవర్ బ్లాకులు సరిగా పెట్టలేదన్నమాట. టెర్రస్ నుంచి దిగిన నీళ్లు చువ్వకి తగిలి, తుప్పు ఉబ్బి, కాంక్రీట్‌ని కిందికి నెట్టేసింది. దీన్ని రంగుతో ఎలా బాగుచేస్తారో వాళ్లకే తెలియాలి!

ఒక చిన్న గుర్తు చెబుతాను. వాన పడ్డాక ఒకట్రెండు రోజులకు మరక తడిగా మారితే టెర్రస్‌ని అనుమానించాలి. ఎండాకాలంలో కూడా తడి ఆరకపోతే పై ఫ్లాట్ బాత్రూమ్ పైపునో, బాత్రూమ్ కింద పల్లంగా వేసే సంకెన్ స్లాబ్‌నో చూడాలి. గోడకీ పిల్లర్‌కీ మధ్య నిలువుగా వచ్చే సన్న గీత చాలా ఇళ్లలో ఉంటుంది, దానికి అంత టెన్షన్ అక్కర్లేదు. బీమ్ మీద ఏటవాలుగా వచ్చి రోజురోజుకీ వెడల్పవుతున్న పగులైతే మాత్రం వెంటనే ఇంజినీర్‌కి చూపించాలి.

రిపోర్ట్ చేతికొచ్చాక బిల్డర్‌కి నోటీసు పంపాం. లాయర్ చేతే పంపాలని లేదు. ప్రాజెక్ట్ పేరు, రెరా నంబర్, ఫ్లాట్ నంబర్, పొజెషన్ తేదీ, లోపం ఎక్కడుంది, మొదట ఎప్పుడు కనిపించింది అన్నవి రాసి, సెక్షన్ 14(3) ప్రకారం 30 రోజుల్లో ఉచితంగా రిపేర్ చేయాలని స్పష్టంగా అడిగితే చాలు. దానికి ఫోటోలు, ఇంజినీర్ రిపోర్ట్ జతచేసి, అగ్రిమెంట్‌లో ఉన్న అడ్రస్‌కి రిజిస్టర్డ్ పోస్ట్‌లో అక్నాలెడ్జ్‌మెంట్‌తో పంపాం, అదే కాపీ మెయిల్ కూడా చేశాం. టెర్రస్ అందరిదీ కాబట్టి అసోసియేషన్ తరఫున ఇంకో నోటీసు వెళ్లింది. ఈలోపు మన సొంత మేస్త్రీతో పని చేయించకూడదు. చేయిస్తే ఆధారం పోతుంది, పైగా "మీరు ముట్టుకున్నాకే పాడైంది" అంటారు. ప్రమాదంగా వేలాడుతున్న పెచ్చుల్ని మాత్రం ఫోటోలు తీసి రాల్చేయించండి.

నెల గడిచినా ఉలుకూ పలుకూ లేదు. అప్పుడు rera.telangana.gov.in లో ఫిర్యాదు వేశాం. రిపేర్ చేయించమని అడగాలంటే రెరా అథారిటీ ముందు ఫామ్ ఎమ్, నష్టపరిహారం కావాలంటే దాన్ని తేల్చే అడ్జుడికేటింగ్ ఆఫీసర్ ముందు ఫామ్ ఎన్ వేయాలి. ఈ రెండూ కలిపి ఒకే కాగితంలో అడిగితే కేసు అనవసరంగా నలుగుతుంది. మాకు కావాల్సింది పని, అందుకే ముందు ఫామ్ ఎమ్ వేశాం. రెరా నుంచి నోటీసు అందాక బిల్డర్ ఇంజినీర్ తనంతట తానే వచ్చి టెర్రస్ చూశాడు.

వాళ్లు వెతికింది ఒక్కటే, మన తప్పు. టెర్రస్ మీద సోలార్ స్టాండ్ల కోసం ఎక్కడైనా డ్రిల్ చేశారా, అదనంగా ట్యాంక్ పెట్టారా, ఏసీ పైపు కోసం బీమ్‌కి రంధ్రం కొట్టారా అని అంగుళం అంగుళం చూశారు. మా వైపు అలాంటివి లేవు కాబట్టి బతికిపోయాం. మీ దగ్గర ఉంటే వాదన కష్టమవుతుంది. ఐదేళ్లు నిండేదాకా టెర్రస్ మీద డ్రిల్లింగ్ జోలికి పోకండి. అలాగే పొజెషన్ రోజు "అన్నీ సంతృప్తికరంగా ఉన్నాయి, ఇకపై ఎలాంటి క్లెయిమ్ లేదు" అనే కాగితం పెడతారు. ఆ వాక్యం కొట్టేసి, "కనిపించని లోపాలకు సెక్షన్ 14(3) హక్కులు వర్తిస్తాయి" అని చేత్తో రాసి సంతకం చేయండి.

రెరా రిజిస్ట్రేషన్ లేని పాత బిల్డింగ్‌లకు దారి వేరు, వాళ్లు వినియోగదారుల కమిషన్‌కి వెళ్లొచ్చు. అక్కడ ఫిర్యాదుకి గడువు సాధారణంగా రెండేళ్లే, అది గుర్తుంచుకోండి.

ఇప్పుడు మా టెర్రస్ మీద పాత పొర తవ్వి కొత్తగా వాటర్‌ప్రూఫింగ్ వేస్తున్నారు. అది అయ్యాక నీళ్లు నిలిపి రెండు రోజులు చూస్తాం, కింద తడి రాకపోతేనే సీలింగ్ పని మొదలుపెట్టనిస్తామని రాసిచ్చాం. సీలింగ్‌లో కూడా డొల్ల ఉన్నంత మేరా కొట్టేసి, చువ్వల తుప్పు గీకి, యాంటీ కరోజన్ కోటింగ్ వేశాకే మళ్లీ మోర్టార్ పెట్టాలి. ఊడినచోట మాత్రమే సిమెంట్ అద్దుతామంటే ఒప్పుకోకండి. 2021లో తాళాలు తీసుకున్నవాళ్లకు గడువు 2026లో అదే తేదీకి ముగుస్తుంది. సీలింగ్ మీద మరక ఉంటే ఆ తేదీలోపే నోటీసు పోస్ట్‌లో వేసి, రసీదు ఫ్లాట్ డాక్యుమెంట్లతోపాటు ఫైల్లో పెట్టండి.