పైపుకు చెమట పడితే ఏది మేలు: నైట్రైల్ రబ్బరా, గ్లాస్ వూలా, తెల్ల ఫోమా?

విశాఖలో సముద్రానికి దగ్గరగా ఉన్న ఒక నాలుగంతస్తుల హోటల్ వాళ్ళు ఆగస్టులో నన్ను పిలిచారు. రెండో అంతస్తు వరండాలో ఫాల్స్ సీలింగ్ నిండా పసుపు మరకలు, కింద రెండు బకెట్లు. అప్పటికే ప్లంబర్ రెండుసార్లు వచ్చి లీకేజీ అనుకుని జాయింట్లు మార్చి వెళ్ళాడట. అయినా బొట్లు ఆగలేదు.

ఇలాంటి చోట నేను ముందు చేసే పరీక్ష ఒకటే. ఏసీ కోసం నీళ్ళను చల్లబరిచే చిల్లర్ ఆపేసి, ఆ నీళ్ళను పైపుల్లో తిప్పే పంపు మాత్రం నడపమంటాను. అప్పుడు పైపులో ఒత్తిడి అలాగే ఉంటుంది, చల్లదనం ఒక్కటే పోతుంది. లీకేజీ అయితే నీళ్ళు కారుతూనే ఉంటాయి. గాలిలోని తేమ పైపు మీద పేరుకుంటున్నదైతే మెల్లగా ఆగిపోతుంది. ఇన్సులేషన్ నీళ్ళు పీల్చుకుని ఉంటే అది వడిసేదాకా ఒక రోజైనా ఓపిక పట్టాలి. ఇక్కడ మర్నాడు సాయంత్రానికి బొట్లు ఆగాయి. అంటే జాయింట్లలో తప్పేమీ లేదు. పైపుకు చెమట పడుతోంది, అంతే.

సీలింగ్ పలక తీసి చూస్తే పైపుల చుట్టూ గ్లాస్ వూల్, దాని మీద మెరిసే అల్యూమినియం ఫాయిల్ ఉన్నాయి. చేత్తో నొక్కితే తడిసిన పరుపులా నీళ్ళు దిగాయి. అదే హోటల్ డాబా మీద సోలార్ హీటర్ నుంచి వచ్చే వేడినీళ్ళ పైపుకు తెల్ల ఫోమ్ గొట్టం తొడిగారు. ఎండకు అది పొడిపొడిగా రాలిపోయింది. మేనేజర్ గారు అడిగింది సూటి ప్రశ్న: "రెండిటికీ ఒకే సరుకు వేసేద్దామా? ఏది మంచిదో చెప్పండి." రెండు పైపులకు ఉన్న జబ్బు వేరు కాబట్టి ఒకే జవాబు కుదరదని చెప్పాను.

వేడి పైపు విషయంలో మన బాధ వేడి బయటికి పోవడం ఒక్కటే. ఇన్సులేషన్‌లో చిన్న కంత ఉంటే ఆ మేరకు వేడి పోతుంది, మిగతాది మామూలుగా పనిచేస్తుంది. పైగా లోపలికి కాస్త తేమ చేరినా పైపు వేడికే ఆరిపోతుంది. చల్లని పైపు అలా కాదు. బయటి గాలిలోని నీటి ఆవిరి ఎప్పుడూ చల్లని వైపుకే పోవాలని చూస్తుంది. ఒక్క సందు దొరికితే లోపలికి చేరి, పైపును తాకి నీరవుతుంది. అక్కడ దాన్ని ఆరబెట్టేదేమీ లేదు. రోజూ కొంచెం కొంచెంగా పేరుకుంటుంది.

గ్లాస్ వూల్ ఓడిపోయేది ఇక్కడే. పొడిగా ఉన్నప్పుడు అది మంచి ఇన్సులేషన్, నైట్రైల్ రబ్బర్‌కు ఏమాత్రం తీసిపోదు. కానీ అది నార. నార మధ్య ఆవిరికి అడ్డేమీ ఉండదు. ఆ అడ్డంతా పైన చుట్టిన పల్చటి ఫాయిల్ మీదే ఆధారపడి ఉంటుంది. ఆ తర్వాత కేబుల్ లాగడానికి సీలింగ్‌లోకి ఎక్కిన ఎలక్ట్రీషియన్ నిచ్చెన తగిలినా, టేపు జిగురు ఉక్కకు ఊడినా ఆ అడ్డు పోయినట్టే. నీరు గాలికన్నా ఇరవై రెట్లకు పైగా వేడిని మోస్తుంది. కాబట్టి తడిసిన ఊలు ఇన్సులేషన్‌గా పనికిరాకపోవడమే కాదు, ఇనుప పైపును తడిగుడ్డలో చుట్టి ఉంచినట్టు తుప్పు పట్టిస్తుంది. అక్కడ తీసి చూస్తే పైపు అడుగు భాగమంతా పెచ్చులు లేచి ఉంది.

నైట్రైల్ రబ్బర్‌లో చిన్న చిన్న గాలి గదులు విడివిడిగా మూసుకుని ఉంటాయి. ఆవిరికి అడ్డు పై పొరలో మాత్రమే కాదు, మందమంతా ఉంటుంది. ఒకచోట గీత పడినా పక్క గదికి తడి సులువుగా పాకదు. చల్లనీళ్ళ పైపుకు నేను దీన్నే ఎంచుకుంటాను. తెల్ల ఫోమ్‌లోనూ గదులు మూసుకునే ఉంటాయి గానీ, అది కాస్త బిరుసు. మలుపుల దగ్గర, వాల్వుల దగ్గర ఒదిగి కూర్చోదు, జిగురూ దానికి గట్టిగా పట్టదు. అతుకుల్లో సందులు మిగులుతాయి. చల్లని పైపు పాడయ్యేదే ఆ సందుల దగ్గర.

అయితే నైట్రైల్ అనగానే సరిపోదు. ఎంత మందం అన్నదే అసలు ప్రశ్న. ఇన్సులేషన్ బయటి ముఖం గాలి నీరు వదిలే ఉష్ణోగ్రత కంటే వెచ్చగా ఉండాలి. ఆ ఉష్ణోగ్రతను తుషార బిందువు అంటారు. గాలి 32 డిగ్రీలు, తేమ 80 శాతం ఉంటే ఆ బిందువు దాదాపు 28 డిగ్రీలు. లోపల నీళ్ళు 7 డిగ్రీలు. బయటి ముఖం గాలికన్నా నాలుగు డిగ్రీలు మించి చల్లబడకూడదన్న మాట. అదే తేమ 50 శాతం ఉండే రోజున బిందువు 20 డిగ్రీల దగ్గరే ఉంటుంది, పన్నెండు డిగ్రీల వెసులుబాటు దొరుకుతుంది. హైదరాబాద్‌లో సుఖంగా నడిచిన మందం విశాఖలో ఎందుకు కారుతుందో దీన్నిబట్టి తెలుస్తుంది.

హోటల్‌లో ఉన్న పైపు బయటి వ్యాసం 48 మి.మీ. దానికి లెక్క కడితే 80 శాతం తేమకు 17 మి.మీ. మందం కావాలి, కాబట్టి బజారులో దొరికే 19 చాలు. 85 శాతానికి 23 దాకా కావాలి. 90 శాతానికి 33 దాటుతుంది. చూడండి, చివరి ఐదు శాతానికే మందం అంత పెరిగింది. అందుకే ఎవరైనా "మామూలుగా 13 వేస్తాం సార్" అంటే నేను ఒప్పుకోను. సీలింగ్ లోపల తేమ కొలిచే మీటరు రెండు రోజులు పెట్టాను. 84 నుంచి 86 మధ్య చూపింది. 25 సరిగ్గా అంచు మీద ఉంటుంది, పైగా అక్కడ గాలి కదలిక తక్కువ కాబట్టి బయటి ముఖం ఇంకా చల్లబడుతుంది. అందుకని 32 వేయించాను.

ఆ తేమ అంత ఎందుకుందో కూడా వెతికాం. మూడు గదుల బాత్‌రూమ్ ఎగ్జాస్ట్ ఫ్యాన్లు గాలిని బయటికి కాకుండా సీలింగ్ లోపలికే వదులుతున్నాయి. ముందు వాటి గొట్టాలను బయటి గోడ దాకా పొడిగించాం. అది చెయ్యకుండా ఎంత మందం వేసినా డబ్బు దండగే.

మెరిసే ఫాయిల్ గురించి ఒక మాట చెప్పాలి, ఎందుకంటే చాలామంది అది ఉంటే ఇంకా మంచిదనుకుంటారు. మెరిసే ముఖం చుట్టుపక్కల నుంచి వచ్చే వేడిని సరిగా తీసుకోదు. దాంతో ఇన్సులేషన్ బయటి ముఖం ఇంకా చల్లబడుతుంది. 85 శాతం తేమలో నల్ల రబ్బరుకు 23 మి.మీ. చాలిన చోట, పైన మెరిసే ఫాయిల్ ఉంటే 34 దాకా కావాలి. చల్లని పైపుకు నల్లగా, మసకగా ఉన్న పైపొరే మేలు. డాబా మీది వేడి పైపుకు మాత్రం మెరుపు లాభమే.

పనిలో చెడేది ఎక్కువగా మూడు చోట్ల. ఒకటి, క్లాంపు నేరుగా పైపును పట్టుకోవడం. ఇనుప క్లాంపు చల్లదనాన్ని బయటికి లాగుతుంది, అక్కడే మొదటి బొట్టు పడుతుంది. క్లాంపు కింద పఫ్ అనే గట్టి ఫోమ్ దిమ్మె పెట్టి, దాని అంచులకు రబ్బరును జిగురుతో కలపాలి. రెండు, వాల్వులు, ఫ్లాంజిలు వదిలేయడం. మూడు, అతుకులు. రెండు ముఖాలకూ జిగురు రాసి, వేలికి అంటనంతగా ఆరాకే నొక్కాలి. తడిగా ఉండగానే నొక్కి పైన టేపు చుడితే ఆ రోజుకు బాగానే ఉంటుంది, నెలకు విచ్చుకుంటుంది. రబ్బరును సాగదీసి అతికించినా అంతే. ప్రతి గొట్టం కొసనూ పైపుకు అతికిస్తే, ఎప్పుడైనా తడి చేరినా ఆ ముక్కలోనే ఆగుతుంది, బారు పొడవునా పాకదు. ఇదంతా చిల్లర్ ఆపి, పైపు తుడిచి ఆరబెట్టాకే చెయ్యాలి. జిగురు పూర్తిగా గట్టిపడే దాకా, కనీసం ఒక రోజు, మళ్ళీ నడపకూడదు. హోటల్ వాళ్ళు ఒప్పుకోవడానికి కష్టపడింది దీనికే. ఒక్కో అంతస్తు ఖాళీ చేయించి చేశాం.

ఇప్పుడు వేడి పైపు. ముప్పావు అంగుళం సీపీవీసీ పైపులో 60 డిగ్రీల నీళ్ళు, బయట 30 డిగ్రీలు అనుకుందాం. ఏమీ చుట్టకపోతే గాలి లేని చోట మీటరుకు దాదాపు 20 వాట్ల వేడి పోతుంది. డాబా మీద గాలి వీస్తే రెట్టింపూ కావచ్చు. 9 మి.మీ. చుడితే 9 వాట్లకు, 13 చుడితే 7కు, 19 చుడితే 6కు తగ్గుతుంది. మొదటి 9 మి.మీ. చేసిన మేలు ముందు తర్వాతవి చిన్నవి. ఇక్కడ 13 దాటి ఖర్చు పెట్టమని నేను ఎవరికీ చెప్పను.

గోడ లోపల, నీడలో ఉండే గీజర్ లైనుకు తెల్ల ఫోమ్ చాలు, చవక కూడా. డాబా మీద మాత్రం వద్దు. వేసవిలో వాడకం లేని రోజున సోలార్ ట్యాంకులో నీళ్ళు 80 డిగ్రీలు దాటతాయి, ఆ వేడికి మామూలు తెల్ల ఫోమ్ ముడుచుకుపోతుంది. ఎండకు రాలిపోతుంది. నైట్రైల్ 100 డిగ్రీల దాకా ఓర్చుకుంటుంది గానీ ఎండకు అదీ పగులుతుంది. అందుకని హోటల్ డాబా మీద 13 మి.మీ. నైట్రైల్ వేసి, పైన అల్యూమినియం రేకు తొడిగించాం. రేకు అతుకు కిందివైపు ఉండాలి, లేకపోతే వాన నీళ్ళు లోపలికి దిగుతాయి. గ్లాస్ వూల్ వాడదగ్గ చోటు బాయిలర్, స్టీమ్ లైన్లు. ఆ వేడికి రబ్బరు ఆగదు.

మేనేజర్ గారికి ముందే చెప్పిన మాట ఇంకొకటి ఉంది: పొద్దున్నే కుళాయి తిప్పగానే వేడినీళ్ళు రావు. చుట్టని పైపులో 60 డిగ్రీల నీళ్ళు అరగంటలో 40కి పడితే, 13 మి.మీ. చుట్టాక గంటా ఇరవై నిమిషాలు పడుతుంది. రాత్రంతా నిలిచిన నీళ్ళు ఎలాగూ చల్లబడతాయి. ట్యాంకు నుంచి గదికి 20 మీటర్లుంటే అయిదు లీటర్ల చల్లనీళ్ళు ముందు వదలాల్సిందే. అలా వదలకుండా ఉండాలంటే ఆ నీళ్ళను ట్యాంకుకు వెనక్కి తెచ్చే తిరుగు లైను, చిన్న పంపు కావాలి. అది వేరే పని.

ఇళ్ళలో స్ప్లిట్ ఏసీ పైపు కారుతుంటే ఇదే లెక్క. రెండు రాగి గొట్టాలూ చల్లగానే ఉంటాయి, రెంటికీ విడివిడిగా నైట్రైల్ ఉండాలి. రెండూ కలిపి ఒకే గొట్టంలో దూర్చి టేపు గట్టిగా బిగిస్తే, నొక్కుకుపోయిన చోట మందం తగ్గి అక్కడే చెమట పడుతుంది.

మరుసటి ఆగస్టులో ఆ హోటల్‌కు వెళ్ళి సీలింగ్ పలకలు ఒక్కొక్కటే తీసి రబ్బరును చేత్తో తడిమి చూశాను. ఒక్క చోట తడి తగిలింది. మూడో అంతస్తులో ఒక వాల్వు రిపేరుకు తొడుగు కోసి తీసి, జిగురు లేకుండా టేపుతో మళ్ళీ చుట్టేశారు. ఆ తొడుగు కొత్తది కోసి, రెండు ముఖాలకూ జిగురు పట్టించి అతికించి దిగాను.